ఉగాది వీడియో లెక్కలు: అతిథి తెరపైకి రాగానే చూసేవారు వెళ్లిపోతున్నారా?

సాంస్కృతిక కమిటీ సమన్వయకర్త

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఉగాదికి కార్యక్రమ పట్టిక వేయడానికి ముందు ఒక విషయం తేల్చుకోవలసి ఉంది. నేపర్‌విల్‌లో జరుపుకున్న కిందటి ఉగాది వేడుక మొత్తాన్ని మన యూట్యూబ్ ఛానెల్‌లో ఒకే వీడియోగా పెట్టాము. దాని నిడివి 5 గంటల 20 నిమిషాలు. అతిథులు మైకు అందుకోగానే చూసేవారు జారుకుంటున్నారనీ, కాబట్టి ముఖ్య అతిథి ప్రసంగాన్ని 5 నిమిషాలకు కుదించాలనీ కార్యవర్గంలో ఇద్దరు గట్టిగా అంటున్నారు. అంత దూరం నుంచి పిలిపించిన మనిషిని 5 నిమిషాల్లో వేదిక దింపడానికి నాకు మనసొప్పడం లేదు. అయితే నా మనసు ఆధారం కాదు కనుక, అతిథులు తెరపై కనిపించిన సమయాలను వెతికి, ఆ సమయాల్లో చూసేవారు నిలిచారో లేదో వీడియో బృందం వారు చెప్పగలరేమో అడుగుతున్నాను.

యువజన విభాగం

ఇది ఒక వారాంతంలో తెమిలే పని అక్కా. అతిథుల ఫొటోలు ఇవ్వండి, ఫేస్ రికగ్నిషన్ పెడితే ఎవరు ఏ నిమిషంలో కనిపించారో అదే చెప్పేస్తుంది. నిజానికి ఏ నిమిషంలో చూసేవారు ఎంత వాటా నిలిచారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ నేను ఇప్పటికే చూశాను. మొదటి నిమిషాల్లో 0.6 దగ్గర ఉన్న గీత ముఖ్య అతిథి దగ్గరకు వచ్చేసరికి 0.1కి దిగింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కోశాధికారి

ఫొటోలు ఎవరూ పంపవద్దని మనవి. మనం ఉన్నది ఇల్లినాయిలో. ముఖాన్ని కొలిచి మనిషిని గుర్తుపట్టే సమాచారం సేకరించాలంటే ముందుగా ఆ మనిషికి లిఖితపూర్వకంగా తెలియజేసి, రాతపూర్వకమైన సమ్మతి తీసుకోవాలని 2008 నాటి ఇక్కడి బయోమెట్రిక్ చట్టం చెబుతోంది. అది కంపెనీలకే కాదు, మనలాంటి సంఘాలకూ వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా ఉల్లంఘిస్తే 1000 డాలర్లు, తెలిసి ఉల్లంఘిస్తే 5000 డాలర్లు, అసలు నష్టం అంతకన్నా ఎక్కువైతే ఆ మొత్తం కోరుతూ దావా వేయవచ్చు. ఆ వీడియోలో అతిథులతో పాటు పిల్లల ముఖాలు కూడా ఉన్నాయి.

వీడియో బృందం

ఇద్దరూ చెప్పినవాటిలో రెండు విడివిడి పనులు కలిసిపోయాయి. ఈ ఫ్రేములో ఒక ముఖం ఉంది, ఇంత పెద్దగా ఉంది అని చెప్పడం డిటెక్షన్. ఆ ముఖం ఫలానా వారిది అని చెప్పడం రికగ్నిషన్. మనకు మొదటిది చాలు. అది ఎవరో చెప్పడానికి సమన్వయకర్త గారు ఉన్నారు, వారి దగ్గర వేదిక పట్టిక ఉంది.

రెండు సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున తీస్తే 19,200 సెకన్ల వీడియోకు 9,600 బొమ్మలు వస్తాయి.

```
ffmpeg -i ugadi.mp4 -vf "fps=1/2,scale=1280:720" f_%05d.jpg
```

వాటిని ఓపెన్‌సీవీలో ముఖాలు వెతికే యూనెట్ మోడల్‌కు ఇస్తాను. నా ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది కాబట్టి వీడియోను బయటి సర్వరుకు పంపవలసిన పని లేదు.

```python
det = cv2.FaceDetectorYN.create(
    "face_detection_yunet_2023mar.onnx", "", (1280, 720), 0.8)
_, faces = det.detect(img)
```

720 పిక్సెళ్ల ఎత్తున్న ఫ్రేములో కనీసం 72 పిక్సెళ్ల ఎత్తున్న ముఖాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. కెమెరా దగ్గరగా పట్టిన దృశ్యాలు దీనితో దొరుకుతాయి. వేదిక మొత్తం కనిపించే దూరపు దృశ్యంలో ముఖం పాతిక పిక్సెళ్లకు మించదు. అక్కడ ముఖం ఉందని మోడల్ చెప్పినా, అతిథి ఎవరో, పక్కన పళ్లెం పట్టుకున్న వాలంటీరు ఎవరో చూసే మనకే తెలియదు. జ్యోతి ప్రజ్వలనలో అందరూ కెమెరాకు వీపు తిప్పి నిలబడతారు కనుక అది ఎలాగూ దొరకదు. దాని గురించి చింతించకండి, అది 40 సెకన్ల ముచ్చట.

ఇక గ్రాఫు సంగతి. యూట్యూబ్ ఎంత పొడవు వీడియోనైనా వంద భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్క అంకె ఇస్తుంది. మన వీడియోలో ఒక భాగం అంటే 192 సెకన్లు. అంతకన్నా చిన్న ఘట్టం గురించి ఈ గ్రాఫు ఏమీ చెప్పలేదు. ఇక 0.6 నుంచి 0.1 అన్నది అతిథి చేసిన పని కాదు తమ్ముడూ. గంటన్నర గడిచాక ఇంత పొడవు వీడియోలో గీత మామూలుగా కిందికే దిగి ఉంటుంది, వేదికపై ఎవరున్నా సరే. చూడవలసింది గీత ఎంత ఎత్తులో ఉందో కాదు, అతిథి రాకముందు భాగానికి ఎంత చొప్పున జారుతోంది, వచ్చాక ఆ జారుడు పెరిగిందా తగ్గిందా అన్నది.

స్పాన్సర్ల సమన్వయకర్త

చాలా మంచి ఆలోచన. హాలు తలుపు దగ్గర కూడా ఒక కెమెరా పెడితే భోజనాల తర్వాత ఎంతమంది ఉండిపోయారో, ఎంతమంది వెళ్లిపోయారో తెలుస్తుంది. స్పాన్సర్లు ప్రతి ఏడాదీ అడిగేది ఆ లెక్కే.

వీడియో బృందం

క్షమించాలి, మనం మాట్లాడుకుంటున్నది హాలులో ఉన్నవారి గురించి కాదు, యూట్యూబ్‌లో చూసేవారి గురించి. తలుపు దగ్గర కెమెరా అంటే కోశాధికారి గారు నన్ను ఆ తలుపులోంచే పంపించేస్తారు.

కూచిపూడి శిక్షకురాలు

నా అనుభవం ఒకటి చెబుతాను, పనికొస్తుందో లేదో మీరే చూడండి. కిందటి ఏడాది మా పిల్లల నాట్యం మొదలయ్యే క్షణం లింకు తయారుచేసి తల్లిదండ్రులందరికీ వాట్సాప్‌లో పంపాను. మన శనివారం సాయంత్రం 5 గంటలంటే గుంటూరులో ఆదివారం తెల్లవారుజామున మూడున్నర. అమ్మమ్మలూ తాతయ్యలూ నిద్ర లేచాక ఆ లింకు నొక్కి, నాట్యం చూసి, వీడియో మూసేశారు. ముఖ్య అతిథి వచ్చారన్న సంగతే మా అమ్మకు తెలియదు.

వీడియో బృందం

అక్కా, ఇది పనికొచ్చే మాటే కాదు, నేను పొరబడకుండా కాపాడిన మాట. గ్రాఫులో మీ నాట్యం దగ్గర ఒక శిఖరం ఉంది. అతిథి ప్రసంగం ముగియగానే వెళ్లినవారంతా తిరిగి వచ్చారని నేను రాయబోయాను. వారు తిరిగి వచ్చినవారు కాదు, నేరుగా అక్కడే దిగినవారు కావచ్చు.

వీడియో బృందం (వారం తర్వాత)

ఫలితం కన్నా ముందు తప్పుల సంగతి చెప్పాలి. మొదటిసారి నడిపినప్పుడు ముఖ్య అతిథి దాదాపు రెండు గంటలు తెరపై ఉన్నట్టు వచ్చింది. ఫ్రేములు తెరిచి చూస్తే వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో నిలువెత్తు ఉంది, పక్కన స్పాన్సర్ల ముఖాలు నవ్వుతున్నాయి. మోడల్‌కు మనిషి ముఖమూ బొమ్మ ముఖమూ ఒకటే. దీనికి మందు సులువైనదే. బతికున్న మనిషి తల నిమిషం పాటు కదలకుండా ఉండదు, కెమెరా స్టాండు మీద ఉన్నంతసేపు ఫ్లెక్సీ ముఖం మాత్రం అదే చోట, అదే కొలతతో ఉంటుంది. వరుసగా 30 ఫ్రేములలో రెండు పిక్సెళ్లైనా జరగని ముఖాలను తీసివేశాను. ఎల్‌ఈడీ తెరపై నడిచిన స్పాన్సర్ ప్రకటనల్లోని ముఖాలు కదులుతాయి కనుక వాటిని చేతితోనే ఏరవలసి వచ్చింది. మైకు నోటికి అడ్డం వచ్చినప్పుడూ, తల పక్కకు తిరిగినప్పుడూ ముఖం పోతుంది కాబట్టి 20 సెకన్లలోపు ఖాళీలను కలిపేశాను. చివరికి 143 ముక్కలు మిగిలాయి. ఒక్కో ముక్క నుంచి ఒక్కో బొమ్మ పంపితే సమన్వయకర్త గారు వేదిక పట్టిక పక్కన పెట్టుకుని ఒక సాయంత్రంలో పేర్లు రాసిచ్చారు.

ముఖ్య అతిథి ఘట్టం పట్టికలో 1 గంట 36 నిమిషాల నుంచి 1:52 వరకు ఉంది, అంటే గ్రాఫులో 31 నుంచి 35 వరకు అయిదు భాగాలు. అయితే ఆయన ముఖం దగ్గరగా కనిపించడం మొదలైంది 1:44కి. అంతకు ముందు 8 నిమిషాలూ వ్యాఖ్యాత పరిచయం, తర్వాత 11 మందిని ఒక్కొక్కరిగా వేదికపైకి పిలిచి శాలువా, జ్ఞాపిక అందించడం. అదంతా దూరపు దృశ్యమే. `audienceWatchRatio` అంకెలు, అంటే మొత్తం వ్యూస్‌తో పోలిస్తే ఆ భాగాన్ని చూసిన వాటా, ఇవి: 30వ భాగంలో 0.131, తర్వాత వరుసగా 0.119, 0.107, 0.103, 0.102, 0.100. నాట్యం మొదలైన 36వ భాగంలో 0.134.

వీడియోకు వచ్చిన వ్యూస్ 640. ఆ లెక్కన సన్మానానికి ముందు 84 మంది ఉంటే, రెండు భాగాలు గడిచేసరికి 68 మంది మిగిలారు. అతిథి మాట్లాడుతున్న 8 నిమిషాల్లో పోయింది నలుగురైదుగురు. ప్రసంగానికి ముందే, శాలువాల వరుసలోనే గీత విరిగింది.

యువజన విభాగం

అయితే ప్రసంగం కాదు, సన్మానమే కారణమని తేలిపోయినట్టే కదా అన్నా?

వీడియో బృందం

తేలిపోలేదు. ఒక వీడియో, పదహారు మంది తేడా. శాలువాలతో విసిగి వెళ్లగలిగినవారు అప్పటికే వెళ్లిపోయారు కాబట్టి ప్రసంగానికి మిగిలినవారు ఓపికగలవారే అయి ఉండవచ్చు. అప్పుడు గీత నిలకడ ప్రసంగం గొప్పతనం కాదు. పైగా ఆ పదహారు మంది వీడియో మూసేశారో, నాట్యానికి దూకారో ఈ అంకె చెప్పదు. యూట్యూబ్ ఏపీఐలో `startedWatching`, `stoppedWatching` అనే కొలతలు ఉన్నాయి. ఒక భాగంలో చూడడం మొదలుపెట్టినవారినీ ఆపేసినవారినీ అవి విడిగా చూపుతాయి. శిక్షకురాలు గారి లింకు మాట నిజమైతే 36వ భాగంలో మొదటి అంకె ఎగసిపడాలి. ఛానెల్ యజమాని లాగిన్ ఉంటేనే అవి తీయగలం. అంతకు ముందు ఏడాది వీడియోను కూడా ఇదే పద్ధతిలో చూడాలి. అందులో సన్మానం ప్రసంగం తర్వాత జరిగింది కనుక పోల్చడానికి బాగుంటుంది.

స్పాన్సర్ల సమన్వయకర్త

ఆ 11 మందిలో ఆరుగురు స్పాన్సర్లు. వేదికపై శాలువా కప్పుతామని వారికి మాట ఇచ్చాము. దానిని తీసేస్తామంటే నేను ఒప్పుకోలేను.

సాంస్కృతిక కమిటీ సమన్వయకర్త

తీయవద్దు. కానీ ఒక్కొక్కరినీ పిలిచి, వారు మెట్లెక్కే వరకు ఆగి, మళ్లీ ఇంకొకరిని పిలిచే పద్ధతి మార్చవచ్చు. అందరినీ తెర వెనుక వరుసగా నిలబెట్టి ఒకేసారి రప్పిస్తే మూడు నిమిషాల పని. రెండో కెమెరా వేదిక అంచున ఉంటే శాలువా కప్పుకునేవారి ముఖాలు కూడా దగ్గరగా పడతాయి, స్పాన్సర్లకు అది ఇంకా మంచిది. ప్రసంగానికి 5 నిమిషాల నిబంధనను నేను కార్యవర్గం ముందు ఈ నెలకు పెట్టను.

కోశాధికారి

నాకొక సందేహం మిగిలింది. మీ మోడల్ ప్రతి ముఖానికీ కళ్లు, ముక్కు కొస, నోటి చివరలు కలిపి అయిదు బిందువులు కూడా ఇస్తుందని దాని వివరణలో చదివాను. ఎవరినీ గుర్తుపట్టకపోయినా, అవి చట్టం చెప్పే ముఖ కొలతల కిందికి రావా?

వీడియో బృందం

నేను వాటిని రాసిపెట్టలేదు. ఫైలులో ఉన్నవి సమయం, ముఖం ఉన్న చోటు, ఎత్తు మాత్రమే. అయినా ఒక్క క్షణమైనా లెక్కకట్టినట్టే కదా అంటే నా దగ్గర జవాబు లేదు. మన సభ్యుల్లో న్యాయవాది ఎవరైనా రాతపూర్వకంగా చెప్పేవరకు రెండో వీడియోను ముట్టుకోను. తీసిన 9,600 బొమ్మలనూ, ఆ 143నూ ఈ రాత్రి తుడిచేస్తాను. పేర్లు, సమయాలు ఉన్న పట్టిక ఒక్కటే ఉంచుతాను.

కోశాధికారి

తుడిచాక ఇక్కడ ఒక మాట రాయండి. సమన్వయకర్త గారికి పంపిన బొమ్మలు వారి ఫోనులో కూడా ఉంటాయి, వాటినీ మరవకండి.