నెలకు 10,000 సిప్‌లో 1 శాతం ఖర్చు తేడా 20 ఏళ్లకు 12 లక్షలు అవుతుందా?

శ్రావణమేఘం (గుంటూరు)

మా ఆయన పేరు మీద బ్యాంకులో తెలిసినాయన పదేళ్ల కిందట ఒక ఈక్విటీ ఫండ్‌లో సిప్ పెట్టించారు. నెలకు 10,000. ఒక్క నెల కూడా ఆపలేదు. కట్టింది 12 లక్షలు, ఇప్పుడు విలువ 21.9 లక్షలు. మొన్న మా తమ్ముడు స్టేట్‌మెంట్ చూసి, "అక్కా, ఇది రెగ్యులర్ ప్లాన్, అంటే ఏజెంట్ ద్వారా పెట్టింది. నేరుగా కొనే డైరెక్ట్‌లో ఏడాది ఖర్చు 0.8 శాతం ఉంటే దీంట్లో 1.8 ఉంది. 20 ఏళ్లకి 12 లక్షలు పోతాయి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. 10 వేలకు 1 శాతం అంటే వంద రూపాయలు. 240 నెలలకు 24 వేలు. 12 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

బుల్‌బ్రో

టెన్షన్ పడకండి మేడమ్. ఆ ఖర్చు ఎన్ఏవీలోనే, అంటే ఒక్కో యూనిట్ ధరలోనే ముందే తీసేస్తారు. యాప్‌లో చూపించే రిటర్న్ ఖర్చు పోగా వచ్చిందే, మళ్లీ మీరు తీసేసి చూసుకోనక్కర్లేదు. పైగా డైరెక్ట్ ప్లాన్ ఎన్ఏవీ ఎక్కువ ఉంటుంది. అదే 10 వేలకు యూనిట్లు తక్కువ వస్తాయి. ఇక లాభమేముంది?

లెక్కల మాస్టారు

బుల్‌బ్రో చెప్పిన మొదటి మాట నిజమే. ఏడాది ఖర్చును రోజుల లెక్కన ఫండ్ ఆస్తుల్లోంచి తీసేసి, మిగిలినదాని మీదే ఎన్ఏవీ ప్రకటిస్తారు. అందుకే ఎవరికీ బిల్లు రాదు, ఎవరికీ నొప్పి తెలియదు. కానీ ముందే తీసేశారు కాబట్టి తేడా లేదనడం మాత్రం కుదరదు.

ఇక ఎన్ఏవీ సంగతి. డైరెక్ట్ ప్లాన్లు మొదలైంది 2013 జనవరి 1న. అప్పటికే ఉన్న ఫండ్‌లో రెండు ప్లాన్ల ఎన్ఏవీ ఆ రోజుల్లో దాదాపు ఒక్కటే. పెట్టిన షేర్లు అవే, చూసే మేనేజరూ ఆయనే. ఇవాళ డైరెక్ట్‌ది ఎక్కువ కనిపిస్తోందంటే ఇన్నేళ్లుగా దాంట్లోంచి తక్కువ కోశారు కాబట్టే. యూనిట్లు ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు, మీ డబ్బు ఎంత శాతం పెరిగిందన్నదే ముఖ్యం.

శ్రావణమేఘం గారూ, మీరు 1 శాతాన్ని కట్టే వాయిదా మీద ఒక్కసారి వేశారు. అది పడేది పోగైన మొత్తం మీద, అదీ ఏటా. మీ 21.9 లక్షల మీద ఈ అదనపు 1 శాతం అంటే ఈ ఏడాదికే సుమారు 21,900, రోజుకు 60 రూపాయలు. ఇరవయ్యో ఏట మొత్తం 87 లక్షల దాకా వెళ్తే అదే 1 శాతం ఏడాదికి 80 వేలు దాటుతుంది. మీరు ఏడాదంతా కట్టేది 1,20,000. అంటే కట్టేదాంట్లో మూడింట రెండు వంతులంత, ఒక్క ఈ తేడాకే పోతోంది.

ఎక్సెల్‌లో మీరే వేసి చూడండి. డైరెక్ట్‌లో 12 శాతం వస్తుందనుకుంటే రెగ్యులర్‌లో 11:

```
=FV(0.12/12,240,-10000,0,1)
=FV(0.11/12,240,-10000,0,1)
```

మొదటిది 99.91 లక్షలు, రెండోది 87.36 లక్షలు. తేడా 12.56 లక్షలు. 240 బదులు 60 వేస్తే తేడా 22 వేలే. 120 వేస్తే 1.34 లక్షలు, 180 వేస్తే 4.57 లక్షలు. చివరి అయిదేళ్లలోనే 8 లక్షలు పెరిగిందని గమనించండి. పెట్టిన అయిదేళ్లకే చూసుకుని "పెద్ద తేడా ఏం లేదు" అనుకునేది అందుకే.

ఖమ్మం కుర్రోడు

12 శాతం వస్తుందని ఎవరు రాసిచ్చారు మాస్టారూ? 10 వస్తే?

లెక్కల మాస్టారు

ఎవరూ రాసివ్వరు. 10, 9 వేసి చూడు. 76.57, 67.29 లక్షలు వస్తాయి. తేడా 9.28 లక్షలకు తగ్గింది, కానీ చేతికొచ్చే మొత్తంలో చూస్తే అప్పుడు 12.6 శాతం, ఇప్పుడు 12.1 శాతం. మార్కెట్ ఎలా ఉన్నా 20 ఏళ్ల సిప్‌లో ఈ 1 శాతం తినేది ఎనిమిదో వంతు దగ్గరే తేలుతుంది. అందులోనూ మొదటి వాయిదాకే దెబ్బ ఎక్కువ. ఆ మొదటి పది వేలు 1.09 లక్షలు కావాల్సింది 89 వేల దగ్గర ఆగుతుంది. చివరి నెల కట్టినదానికి ఏమీ కాదు.

పాత చిట్టీ

మా చిట్టీలో ఫోర్‌మన్‌కి 5 శాతం ఇచ్చేవాళ్లం, తర్వాత చట్టం మార్చి 7 దాకా తీసుకోవచ్చన్నారు. మీరు 1.8కే ఇంత గోల చేస్తున్నారేంటి? నేను పాడుకున్న డబ్బుతోనే ఇల్లు లేపాను. ఫండ్‌లో అలా మధ్యలో తీసుకుంటే ఎగ్జిట్ లోడ్ అంటారు. దీని సంగతేనా మీరు మాట్లాడేది?

లెక్కల మాస్టారు

కాదండీ, ఎగ్జిట్ లోడ్ వేరు. అది చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు తీసేస్తేనే, తీసే మొత్తం మీద ఒక్కసారి పడుతుంది. ఫోర్‌మన్ కమీషన్ కూడా ఆ చిట్టీతో సరి. ఇక్కడిది డబ్బు ఉన్నన్నాళ్లూ నడుస్తూనే ఉంటుంది.

ఏలూరు ఏజెంట్

నేను డిస్ట్రిబ్యూటర్‌ని, దాచుకునేదేం లేదు. ఆ 1 శాతంలో ఎక్కువ భాగం మాకు ఏటా వచ్చే ట్రెయిల్ కమీషనే. 2018లో సెబీ ముందస్తు కమీషన్లు ఆపేశాక కస్టమర్ ఉన్నన్నాళ్లే మాకు వస్తుంది. 2020 మార్చిలో నిఫ్టీ రెండు నెలల్లో మూడో వంతుకు పైగా పడినప్పుడు మా వాళ్లంతా సిప్ ఆపేయమని ఒకటే ఫోన్లు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి కూర్చుని ఆపనివ్వలేదు. అప్పుడు భయపడి అమ్ముకున్నవాళ్లకు పోయింది 1 శాతమా? మీ ఎక్సెల్‌లో ఆ గడి లేదు.

శ్రావణమేఘం (గుంటూరు)

అండీ, మాకు పెట్టించినాయన మూడేళ్లకే బదిలీ అయి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక్క ఫోన్ లేదు. 2020లో ఆపకపోవడానికి కారణం మా ఆయనకు యాప్ పాస్‌వర్డ్ గుర్తులేకపోవడం.

ఏలూరు ఏజెంట్

అయితే మీ కేసులో నేను వాదించలేను తల్లీ.

ఖమ్మం కుర్రోడు

సింపుల్ కదక్కా. పాత సిప్ ఆపేసి కొత్తది డైరెక్ట్‌లో పెట్టుకోండి. పాత డబ్బు అలాగే ఉండనివ్వండి. టాక్స్ గొడవ ఉండదు.

లెక్కల మాస్టారు

అందరూ చేసేది ఇదే, అందుకే కాస్త విడమరిచి చెప్తాను. ఖర్చు పడేది పోగైన డబ్బు మీద అన్నాం కదా. ఇవాళ పోగై ఉన్నది ఎక్కడ? పాత ఖాతాలో. లెక్క సులువుగా ఉండాలని అవే 11, 12 శాతాలు పెట్టుకుని వచ్చే పదేళ్లు చూద్దాం.

ఏమీ మార్చకపోతే 87.4 లక్షలు. కొత్త వాయిదాలు మాత్రమే డైరెక్ట్‌కు మారిస్తే పాతది 65.5, కొత్తది 23.2, కలిపి 88.7 లక్షలు. అంటే ఖమ్మం తమ్ముడి సలహాతో మిగిలేది 1.3 లక్షలే.

పాతది కూడా మార్చారనుకోండి. ఒకే ఫండ్‌లో రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు స్విచ్ చేసినా పన్ను దృష్టిలో అది అమ్మి కొన్నట్టే. లాభం 9.9 లక్షలు. ఏడాది దాటిన లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలిన 8.65 లక్షలపై 12.5 శాతం, దాని మీద సెస్. సుమారు 1.12 లక్షలు. చేతిలో మిగిలిన 20.77 లక్షలు డైరెక్ట్‌లో పదేళ్లకు 68.6 అవుతుంది. కొత్త వాయిదాలతో కలిపి 91.8 లక్షలు. పన్ను కట్టాక కూడా ఏమీ చేయనిదానికంటే 4.4 లక్షలు ఎక్కువ. ఆ కట్టిన పన్ను తేడాలోంచే తిరిగి రావడానికి అయిదేళ్లు పైగా పడుతుంది. కాబట్టి మూడు నాలుగేళ్లలో పిల్లల చదువుకు ఈ డబ్బు తీసేసేవాళ్లయితే కదిలించొద్దు.

మీ తమ్ముడు చెప్పిన 12 లక్షలు మొదటి రోజు నుంచి డైరెక్ట్‌లో ఉన్నవాళ్లకు. మీరిప్పుడు మిగుల్చుకోగలిగింది అందులో మూడో వంతు.

శ్రావణమేఘం (గుంటూరు)

ఏటా 1.25 లక్షల లాభం వరకే కొంచెం కొంచెం మారిస్తే పన్నే ఉండదు కదా?

లెక్కల మాస్టారు

ఉండదు, కానీ నెమ్మది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్టు లెక్క. మీ తొలి యూనిట్లు దాదాపు మూడింతలయ్యాయి, వాటి విలువలో మూడింట రెండు వంతులు లాభమే. 1.25 లక్షల లాభానికి సరిపడా అమ్మితే కదిలేది సుమారు 1.9 లక్షలే. ఈలోగా మిగతా 20 లక్షల మీద ఏటా 20 వేలు పోతూనే ఉంటుంది. మార్చి నెలాఖరున ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేస్తే రెండేళ్ల మినహాయింపు వెంటవెంటనే దొరుకుతుంది. మిగతాదానికి పన్ను కట్టేసి మారడమే నాకు మంచిదనిపిస్తుంది. ఆఖరి 12 వాయిదాలు మాత్రం వదిలేయండి. వాటికి ఎగ్జిట్ లోడ్ పడొచ్చు, పన్నూ 20 శాతం.

ఇంకోటి. స్విచ్ చేసినంత మాత్రాన పాత సిప్ ఆగదు. దాన్ని విడిగా రద్దు చేయాలి. లేకపోతే ఒకే నెలలో రెండు 10 వేలు కట్ అవుతాయి.

నైట్‌షిఫ్ట్

ఇంత కష్టపడి 0.8కి మారడం ఎందుకు? అమ్మడం ఎలాగూ అమ్ముతున్నారు, 0.2 దగ్గర దొరికే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో పెట్టేస్తే సరి.

బుల్‌బ్రో

మా ఫండ్ పదేళ్లుగా నిఫ్టీని కొడుతోంది, 0.6 ఎక్కువైతే ఏంటి?

నైట్‌షిఫ్ట్

వచ్చే పదేళ్లూ కొడుతుందని నువ్వు చెప్పలేవు, కొట్టదని నేనూ చెప్పలేను. 0.6 మాత్రం ఎలాగైనా పోతుంది.

డల్లాస్ బాబాయ్

ఇక్కడ మేము మొత్తం మార్కెట్ ఫండ్‌ను 0.03 శాతానికి కొంటాం. అయినా ఊళ్లో ఉన్నప్పుడు పెట్టిన ఇండియా ఫండ్లు తీసేయలేక, అమెరికా టాక్స్ ఫారాలు నింపించడానికి ఏటా ఆడిటర్‌కి అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్నా. ఎక్స్‌పెన్స్ రేషియోలో కనిపించని ఖర్చులు ఇలాంటివీ ఉంటాయమ్మా.

శ్రావణమేఘం (గుంటూరు)

నిన్న ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ తీసి చూశాం. ఫండ్ పేరు పక్కన Regular Plan - Growth అని, కింద ARN- అని డిస్ట్రిబ్యూటర్ నంబరు. డిస్ట్రిబ్యూటర్‌కి ఈ ఆరు నెలల్లో ఎంత వెళ్లిందో రూపాయల్లోనే ఉంది, తొమ్మిది వేల పైచిలుకు. మా ఆయన అంతసేపు శాతాల గురించి వింటూ ఊరుకున్నారు, అది చూడగానే లేచి పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. దీంతోపాటు 80సీ కోసం పెట్టిన ఈఎల్ఎస్ఎస్ కూడా రెగ్యులరే ఉంది. దాన్నీ మార్చొచ్చా?

లెక్కల మాస్టారు

ప్రతి వాయిదాకీ విడిగా మూడేళ్ల లాకిన్ ఉంటుంది. మూడేళ్లు దాటిన యూనిట్లే కదులుతాయి. డైరెక్ట్ ఈఎల్ఎస్ఎస్‌లోకి మార్చితే ఆ డబ్బుకు మళ్లీ మూడేళ్లు కొత్తగా మొదలు. కొత్త పన్ను విధానంలో ఉంటే 80సీ లేదు కాబట్టి దాన్ని మామూలు ఫండ్‌లోకే తెచ్చుకోండి. మీ ఆయన ఏ విధానంలో ఉన్నారు?