సీనియర్ల ఫోల్డర్, స్టడీ గ్రూప్: ఎక్కడిదాకా ఫర్వాలేదు?

శ్రావ్య
అందరికీ నమస్కారం. మాస్టర్స్ మొదటి సెమిస్టర్, ఈ మధ్యే వచ్చాను. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో మనవాళ్లం ఐదుగురం కలిసి చదువుకుంటున్నాం. సీనియర్లు ఒక డ్రైవ్ ఫోల్డర్ ఇచ్చారు. అందులో పాత పరీక్ష పేపర్లు, పాత అసైన్‌మెంట్లు, వాటికి మార్కులు పడ్డ జవాబులు అన్నీ ఉన్నాయి. మా అసైన్‌మెంట్ షీట్ మీద మాత్రం "చర్చించుకోవచ్చు, సబ్మిట్ చేసేది ఎవరికి వారే రాయాలి" అని ఒక్క ముక్క ఉంది. గ్రూపులో ఒకమ్మాయి నా కోడ్ ఫైల్ పంపమంటోంది, ఊరికే ఒకసారి చూస్తానంటోంది. ఇవ్వనంటే బాధపడుతుంది. ఇస్తే ఏమవుతుంది?

కిరణ్
టెన్షన్ పడకు చెల్లీ, అందరూ చేసేదే. ఉన్నదున్నట్టు దించితేనే గొడవ. వేరియబుల్ పేర్లు మార్చి, కామెంట్లు సొంతంగా రాసుకుంటే సాఫ్ట్‌వేర్‌కి దొరకదు. అయినా దించినవాళ్లదే తప్పు, ఇచ్చినవాళ్లని ఎవరూ ఏమీ అనరు. పాత పేపర్లు చూసుకోవడం ఎక్కడా తప్పు కాదు.

వెంకట్
కిరణ్, పాత పేపర్ల మాట సగం నిజం. మిగతాది నమ్మితే అమ్మాయి ఇరుక్కుంటుంది. నేను పీహెచ్‌డీ చేస్తూ టీఏగా ఇదే కోర్సు అసైన్‌మెంట్లు దిద్దుతాను, అందుకే చెప్తున్నా.

కోడ్ పోల్చడానికి చాలా చోట్ల వాడేది మాస్ అనే ప్రోగ్రామ్. 1994లో తయారైంది. అది పేర్లనీ, ఖాళీలనీ, కామెంట్లనీ పట్టించుకోదు, కోడ్ అమరిక చూస్తుంది. పేర్లు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకో సంగతి, అది ఎవరినీ దొంగ అనదు. ఫలానా ఇద్దరివి దగ్గరగా ఉన్నాయని పైకి తెస్తుంది, అంతే. ఆ తర్వాత మేం కూర్చుని పక్కపక్కన పెట్టి చదువుతాం. అసలు పట్టుబడేది అక్కడే.

మా దగ్గర హ్యాష్ టేబుల్ అసైన్‌మెంట్‌లో జరిగింది చెప్తాను. ఒకరి కోడ్:

```
if (count > 0.63 * cap)
    resize(2 * cap + 7);
```

ఇంకొకరిది:

```
if (numItems > 0.63 * tableSize)
    growTable(2 * tableSize + 7);
```

టేబుల్ ఎంత నిండాక పెద్దది చేయాలో మేం చెప్పలేదు. చాలామంది 0.7 అనో 0.75 అనో పెడతారు. మరి 0.63 ఎక్కడిది? విడివిడిగా పిలిచి అడిగారు. మొదటివాడు రకరకాల విలువలు పెట్టి టైమ్ కొలుచుకున్న కాగితం తెచ్చాడు. సైజు ఎప్పుడూ బేసి సంఖ్యగా ఉండాలని 7 కలిపానన్నాడు. రెండోవాడు "బాగుంటుందనిపించింది" అన్నాడు. ఎందుకు బాగుంటుందంటే నోరు పెగల్లేదు.

అదే అసైన్‌మెంట్‌లో, తీసేసిన చోట గుర్తు పెట్టకుండా గడిని ఖాళీ చేసేసిన వాళ్లు సగం క్లాసు ఉన్నారు. అలా చేస్తే దాని వెనక ఉన్నవి వెతికినా దొరకవు. అది ఎవరైనా చేసే తప్పు, దానికి ఎవర్నీ అనుమానించలేదు. ఎవరికీ తట్టని తప్పో, ఎవరికీ తట్టని అంకో రెండు చోట్ల కనిపిస్తేనే ప్రశ్న వస్తుంది.

ఆ 0.63 కేసులో ఇద్దరికీ సున్నా పడింది, ఇద్దరి రికార్డులోనూ రాశారు. కష్టపడి కొలిచినవాడికి కూడా! ఫైల్ ఇవ్వడాన్నే కలూజన్ అంటారు, ఇచ్చినవాడు అందులో భాగస్వామే. అందుకే శ్రావ్యా, ఫైల్ పంపకు. స్క్రీన్ షేర్ కూడా వద్దు, చూసింది చూసినట్టు టైప్ చేసేయొచ్చు.

మాధవి
ఇది మా కథలాగే ఉంది. గ్రూప్ ప్రాజెక్టులో ఒకడు ఒక్క పేజీ కూడా రాయలేదు, నలుగురికీ ఒకే మార్కులు వేశారు. ఇది కలూజన్ కింద రాదా? కంప్లయింట్ ఇవ్వొచ్చా?

వెంకట్
అది వేరే సమస్య మాధవి గారూ. అక్కడ కలిసి చేయమన్నారు, ఒకరు చేయలేదు. ఎవరు ఏ భాగం చేశారో రాసి ప్రొఫెసర్‌కి ఇవ్వండి, వీలైతే మార్కులు పడకముందే. శ్రావ్యది దీనికి తిరగేసిన కేసు. విడిగా చేయమన్నదాన్ని కలిసి చేయడం.

లక్ష్మి
ఫోల్డర్ గురించి నేను చెప్తాను, స్టాటిస్టిక్స్ ట్యూటర్‌గా చేస్తున్నాను. శ్రావ్యా, అందులో మూడు రకాల సరుకు కలిసిపోయి ఉంటుంది, విడదీసి చూడమ్మా. డిపార్ట్‌మెంటో లైబ్రరీయో బయటపెట్టిన పాత పేపర్లు హాయిగా చదువుకో. పరీక్ష హాల్లోనే వెనక్కి తీసుకున్న పేపర్‌ని ఎవరో గుర్తుపెట్టుకుని రాసి పెట్టి ఉంటే దాని జోలికి పోకు. బయటికి పోకూడదనే వెనక్కి తీసుకున్నారు. మూడోది మార్కులు పడ్డ పాత జవాబులు. ఎక్కువమంది జారేది ఇక్కడే.

టీచర్లు ప్రశ్న అలాగే ఉంచి ఒక్క అంకె మారుస్తారు. మా దగ్గర ఒక ఏడాది శాంపిల్ 36 మంది, స్టాండర్డ్ డీవియేషన్ 12. అంటే స్టాండర్డ్ ఎర్రర్ 12ని 36 వర్గమూలం 6తో భాగిస్తే 2. మరుసటి ఏడాది శాంపిల్‌ని 64 చేశారు, అప్పుడు 12ని 8తో భాగించాలి, 1.5 రావాలి. ముగ్గురు 2 అని రాశారు. స్టెప్పులో 64 అని చక్కగా రాసి, ఆన్సర్ మాత్రం 2! చేతిలెక్కలో తప్పు చేస్తే ఏదో ఒకటి వస్తుంది కానీ, సరిగ్గా నిరుటి ప్రశ్న జవాబే ముగ్గురికీ రాదు కదా.

వ్యాసాలదీ ఇదే సంగతి. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో సబ్మిట్ చేసినవి చాలా చోట్ల దాని దగ్గరే నిలవుంటాయి. సీనియర్ వ్యాసం నీకు కొత్తే, దానికి పాతదే.

కిరణ్
సరే, ఇచ్చినవాళ్లకీ పడుతుందని నాకు తెలీదు. మరి గ్రూప్ స్టడీ మానేయాలా? ఒక్కళ్లమే కూర్చుంటే ఏదీ ఎక్కదు కదా.

వెంకట్
మానక్కర్లేదు. బోర్డు మీద బొమ్మలు గీసి వాదించుకోండి. ఏ పద్ధతి వాడాలి, ఎందుకు అన్నంతవరకూ మాట్లాడుకోండి, కోడ్ లైన్లు వద్దు. అయ్యాక బోర్డు తుడిచేయండి, ఫోటోలు తీయొద్దు. కాసేపు వేరే పని చూసుకుని, తర్వాత ఎవరి గదిలో వాళ్లు రాసుకోండి. అప్పుడు రాయలేకపోతే అర్థం కాలేదనే లెక్క, మళ్లీ అడగొచ్చు. సబ్మిట్ చేసేదాంట్లో పైన "ఫలానా వాళ్లతో చర్చించాను" అని ఒక లైను రాయండి. ఆ అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో అడుగు శ్రావ్యా. చిన్న ఇన్‌పుట్ తీసుకుని కాగితం మీద నడిపి చూపించు. నీ కోడ్ తెరవకుండానే సాయం చేయొచ్చు.

ఇది మా కోర్సు పద్ధతి. కొన్ని కోర్సుల్లో చర్చకే అనుమతి ఉండదు. మీ షీట్‌లో ఉన్న ఒక్క వాక్యం చాలదు, ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి పాత జవాబులు చూడొచ్చా అని సూటిగా అడుగు. సీనియర్ల పేర్లు అవసరం లేదు.

లక్ష్మి
మెయిల్‌లో ఫోల్డర్ ఊసు ఎత్తితే సీనియర్ల మీద పడుతుందేమో వెంకట్. "పాత అసైన్‌మెంట్ల జవాబులు చదవడానికి అనుమతి ఉందా" అంటే సరిపోతుంది. నన్నడిగితే జవాబొచ్చేదాకా ఆ ఫోల్డర్‌లోంచి బయటికి రావడమే మేలు.

వెంకట్
బయటికి రావడం దగ్గర నేను ఒప్పుకోను. డిపార్ట్‌మెంట్ బయటపెట్టిన పరీక్ష పేపర్లు కూడా అందులోనే ఉంటాయి కదా, వాటిని పక్కకి దించుకుని మిగతాది తెరవకుండా ఉంటే చాలు.

శ్రావ్య
అన్నా, అక్కా, థాంక్స్. మెయిల్ ఈ రాత్రే పెడతాను. ఒక్క డౌట్. రెండో అసైన్‌మెంట్ పాత జవాబు ఇప్పటికే ఒకసారి చదివేశాను, నాది ఇంకా మొదలుపెట్టలేదు. ఆ సంగతి కూడా మెయిల్‌లో రాయాలా?