మౌనం అంగీకారమేనా? ప్రయాణపు వాయిస్ మెసేజ్‌ల సారాంశంపై చర్చ

ప్రశ్న (వెన్నెలదారి): మా గ్రూపులో నేను కాక ఆరుగురు ఉన్నారు. రాబోయే ప్రయాణం గురించి మాట్లాడినవాళ్లంతా వాయిస్ మెసేజ్‌లే పెట్టారు. అవన్నీ విని, ఖాయమైనవి ఏవో, ఇంకా తేలనివి ఏవో రాసిపెట్టే పని నాకు అప్పగించారు. ఒకరు ఒక మాట ప్రతిపాదించి, ఇద్దరు సరే అని, మిగతావారు ఏమీ అనకపోతే దాన్ని ఖాయమైనవాటిలో రాయవచ్చా?

సారంగ: నిస్సందేహంగా రాయవచ్చు. అభ్యంతరం ఉన్నవాళ్లు నోరు విప్పి చెబుతారు. ఆరుగురూ ఒక్కొక్కరుగా ఒప్పుకునేదాకా ఆగితే గదులు మిగలవు, సెలవులూ మిగలవు. ఒకే విషయం మీద రెండు మాటలు వినిపిస్తే చివరి మెసేజ్‌లో ఉన్నదాన్ని తీసుకోండి, ఎందుకంటే ముందు చెప్పినవన్నీ విన్న తర్వాతే ఎవరైనా చివరి మాట చెబుతారు.

నిదానం: సమావేశాల నిర్ణయాలు రాసిపెట్టడం చాలాకాలంగా నా ఉద్యోగంలో భాగం కాబట్టి, సారంగ గారి చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. వాయిస్ మెసేజ్ విషయంలో మనకు కనిపించేది అది పంపిన సమయం మాత్రమే. మాట్లాడిన మనిషి అప్పటికి ఎంతవరకు విన్నాడో అందులో తెలియదు. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడుతూ ఉండగా మరో ఇద్దరి మెసేజ్‌లు వచ్చిపడతాయి. ఆయన చెప్పిన "సరే" వాటి కింద కనిపిస్తుంది గాని, అది వాటికి జవాబు కాదు. చివరి మాటకు విలువ ఉంటుంది, అయితే అదే మనిషి అదే విషయం మీద తన మాట తానే మార్చుకున్నప్పుడు. వేరొకరి చివరి మాట ఇంకొకరి ముందు మాటను కొట్టివేయదు.

ఊరుపేరు: మా బృందంలో ఇలాంటి గొడవే వచ్చినప్పుడు గ్రూపులో ఓటింగ్ పెట్టాం, గంటలో తేలిపోయింది. ఇంతమంది మాటలు వింటూ కూర్చోవడం ఎందుకు? ఓటు వేయనివాళ్లను లెక్కలోంచి తీసివేయండి.

వెన్నెలదారి: ఓటింగ్ మంచిదే కాని, ఏ విషయం మీద పెట్టాలో తెలియాలంటే ముందు ఈ సారాంశం ఉండాలి కదండీ. మెసేజ్‌లలో ఉన్నది వరుసగా చెబుతాను. కారు ఉన్న స్నేహితుడు 10వ తేదీ రాత్రి 11:50కి "కారు నేను తెస్తాను, వచ్చే శుక్రవారం రాత్రి తొమ్మిదికి బయలుదేరదాం, రేపు గదుల సంగతి చూద్దాం" అన్నాడు. అర్ధరాత్రి దాటాక ఒక స్నేహితురాలు "గది కొండ మీదా, కిందా?" అని అడిగింది. దాని కిందే మరొకరి మెసేజ్: "సరే, అదే బాగుంది." నాలుగో మనిషి "సెలవు దొరికితే మీతోనే వస్తాను, లేదంటే శనివారం పొద్దున బస్సులో వచ్చి కలుస్తాను" అంది. రెండు రోజుల తర్వాత అయిదో మనిషి "రాత్రి డ్రైవింగ్ వద్దు, తెల్లవారుజామున వెళ్దాం" అంటే, కారు స్నేహితుడు కాస్త ఆగి "చూద్దాంలే" అన్నాడు. ఆరో మనిషి ఏమీ అనలేదు. సెలవు దొరకాల్సిన స్నేహితురాలి మాట నా దృష్టిలో ఖాయమే.

నిదానం: ముందుగా ఒక్కో మెసేజ్‌ను మాటలుగా కాకుండా నిర్ణయాలుగా విడదీయండి. మొదటి మెసేజ్ ఒక్కదానిలోనే కారు, రోజు, గంట, గదుల సంగతి అని నాలుగు ఉన్నాయి. ఆ తర్వాత ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి మీద పడుతుంది? కారు తెస్తానన్నది ఆయన తన గురించి తాను ఇచ్చిన మాట, దానికి ఇతరుల ఒప్పుదల అక్కరలేదు కాబట్టి అది ఖాయం. బయలుదేరే గంట అందరి మీదా పడుతుంది, అందులోనూ నడిపేవారి మీద ఎక్కువ పడుతుంది. ఆయనే తటపటాయిస్తున్నాడు కాబట్టి అది తేలలేదు.

"సరే, అదే బాగుంది" అన్నది మాత్రం రెండు వైపులా వేయకండి. అడిగింది "మీదా, కిందా" అని; దానికి "అదే" అంటే జవాబు కుదరదు. బహుశా బయలుదేరే సమయానికి అన్న మాట అయి ఉంటుంది. బహుశా అన్న మాట మీ పెదవుల మీదికి వచ్చిందంటే అది తేలనివాటిలోకే పోవాలి, ఆ మనిషిని ఒక్క మాట అడగాలి.

సెలవు విషయంలో మీతో విభేదిస్తున్నాను. షరతుతో చెప్పిన మాటలో ఖాయమైన సగం, తేలని సగం రెండూ ఉంటాయి. ఆమె రావడం ఖాయం. ఎలా వస్తుందన్నది సెలవు మీద ఆధారపడి ఉంది. సారాంశంలో ఇలా రాస్తాను:

> ఖాయం: కారు తెచ్చేది కారు స్నేహితుడు. నాలుగో స్నేహితురాలు ఎలాగైనా వస్తుంది. సెలవు దొరక్కపోతే శనివారం ఉదయం బస్సులో.
>
> తేలాలి: బయలుదేరేది శుక్రవారం రాత్రా, శనివారం తెల్లవారుజామునా? (చెప్పాల్సింది నడిపేవారు.) ఏ తేదీ శుక్రవారం? గది మీదా, కిందా? సెలవు సంగతి ఎప్పటికి తెలుస్తుంది?

తేదీని ప్రశ్నగా ఎందుకు రాశానంటే, "వచ్చే శుక్రవారం" అన్నప్పుడు కొందరు ఈ వారాన్ని, కొందరు పై వారాన్ని అనుకుంటారు. రాత్రి 11:50కి అన్న "రేపు" పరిస్థితీ అంతే. తెల్లారి విన్నవాళ్లకు అది ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. అలాంటి మాటలను పంపిన సమయాన్నిబట్టి తేదీలుగా మార్చి, ఆ తేదీనే అందరికీ చూపించి అడగడం మేలు.

సారంగ: చివరి మెసేజ్ విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే ఆరో మనిషి సంగతేమిటి? నోరు మెదపనివాళ్లకు అందరినీ ఆపే అధికారం ఇస్తున్నారు. ఆయన అన్నీ వినే ఉంటాడు.

కొలను: విన్నాడో లేదో ఊహించనక్కరలేదు. వాట్సాప్‌లో తాను పంపిన వాయిస్ మెసేజ్‌ను నొక్కి పట్టి దాని సమాచారం తెరిస్తే, ఎవరెవరు విన్నారో పేర్లతో కనిపిస్తుంది. నీలి టిక్కులు ఆపుకున్నవాళ్ల విషయంలో కూడా ఈ వివరం దాగదు. కాకపోతే అది పంపినవారికి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి, వెన్నెలదారి గారు ఆ కారు స్నేహితుణ్ణే చూడమనాలి. విననివాడి మౌనాన్ని మాత్రం అంగీకారంగా రాయడం అన్యాయం.

నిదానం: కొలను గారు చెప్పింది విననివాళ్లను గుర్తించడానికి బాగా పనికొస్తుంది, విన్నవాళ్లు ఒప్పుకున్నారనడానికి పనికిరాదు. ఫోన్ జేబులో ఉండగానే మెసేజ్ దానంతటదే ప్లే అయి ఆగిపోయినా, రెట్టింపు వేగంతో సగం చెవిన పెట్టినా అది విన్నట్టే చూపిస్తుంది. నేనైతే అతని పేరు ఎదురుగా "ఇంకా స్పందించలేదు" అని రాసి వదిలేస్తాను. అది నింద కాదు, ఉన్న విషయమే.

సారంగ: ఆ సారాంశం గ్రూపులో పెట్టి, ఫలానా రోజు సాయంత్రంలోగా అభ్యంతరం రాకపోతే ఖాయమని ముందే చెబితే? అప్పుడైనా మౌనం అంగీకారం అవుతుందా, లేదా?

నిదానం: ఆ షరతు అతను చదివాడని తెలిస్తే, గది ఎక్కడ అన్నంతవరకు ఒప్పుకుంటాను. రాత్రంతా కారులో కూర్చోవాల్సిన విషయానికి ఒప్పుకోను.

సారంగ: నేను రెండింటికీ ఒప్పుకుంటాను. గడువు పెట్టింది అందుకే.

వెన్నెలదారి: గడువు గురువారం సాయంత్రం అని పెట్టి సారాంశం పంపుతున్నాను. రాత్రి ప్రయాణం విషయంలో మాత్రం ఆరో మనిషికి నేనే ఫోన్ చేస్తాను. "సరే, అదే బాగుంది" అన్నవారిని ఇప్పుడే అడిగాను; తాను ఏ మెసేజ్‌కు అన్నారో తనకే గుర్తు లేదట.