కందమూలాలు లేని భోజనంతో రోజుకు 90 గ్రాముల ప్రోటీన్: పౌడరు తప్పదా?

వన్‌టౌన్ వాసి: మాది విజయవాడలో స్థిరపడిన జైన కుటుంబం. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు తినము. పొద్దుగూకిన తరువాత భోజనం చేయము. నా బరువు 62 కిలోలు. రోజుకు 90 గ్రాముల ప్రోటీన్ కావాలని, మా తిండితో పౌడరు లేకుండా అది అసాధ్యమని జిమ్ శిక్షకుడు అంటున్నారు. నిజమేనా?

బ్రాడీపేట బాబాయి: నాయనా, మేము గుంటూరులో ఏటా కార్తీకమాసమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టము. కంద బచ్చలి కూర, చేమదుంపల పులుసుతో నెల హాయిగా గడిచిపోతుంది. ఏనాడూ నీరసం రాలేదు.

వన్‌టౌన్ వాసి: బాబాయి గారూ, ఆ కంద, చేమ కూడా మాకు నిషిద్ధమే. పైగా మాది పన్నెండు నెలల నియమం.

పటమట వ్యాయామి: పప్పులోని ప్రోటీన్ అసంపూర్ణమైనది కనుక దానిని లెక్కలోకే తీసుకోకూడదు. మీ శిక్షకుడు చెప్పినదే సరైన మాట.

కొలత గరిటె: నేను ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిని. పటమట వారి మాటలో సగం నిజం ఉంది. ప్రోటీన్‌ను ఏర్పరిచే అమైనో ఆమ్లాలలో మెథియోనిన్ పప్పులో తక్కువ, లైసిన్ బియ్యంలో తక్కువ. రెండూ ఒకే రోజున తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. పాల ప్రోటీన్ కంటే పప్పు ప్రోటీన్ కొంత తక్కువగా జీర్ణమవుతుందన్నది నిజమే కానీ, అందువల్ల దానిని సున్నాగా లెక్కించడం తప్పు. ఇక ఉల్లిపాయలోనూ బంగాళాదుంపలోనూ నూటికి ఒకటి రెండు గ్రాములకు మించి ప్రోటీన్ ఉండదు కనుక, వాటిని మానడం వల్ల మీరు పోగొట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. ముందు ఒక సంగతి చెప్పండి: మీ ఇంట్లో ఒక పూటకు ఎంత కందిపప్పు వేస్తారు?

వన్‌టౌన్ వాసి: అమ్మను అడిగి తూచాను. అయిదుగురికి 120 గ్రాములు.

కొలత గరిటె: లోటు అక్కడే ఉంది. మనిషికి 24 గ్రాముల పప్పు అంటే అయిదు గ్రాముల ప్రోటీన్ మాత్రమే. ఉడికిన పప్పును గరిటెలతో లెక్కిస్తే ఎక్కువ తిన్నట్టు కనిపిస్తుంది కానీ, అందులో అధిక భాగం నీరే. అందుచేత ఎప్పుడూ ఎండు పప్పునే తూచాలి. మీ కోసం ఒక రోజు లెక్క వేశాను. ఉదయం 80 గ్రాముల పెసలతో పెసరట్లు వేసుకుంటే 18, పాతిక గ్రాముల వేరుసెనగ పచ్చడితో 6 వస్తాయి. పిండిలో పచ్చి అల్లానికి బదులు శొంఠి వేయవచ్చు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో 8, మీ వంతుకు 50 గ్రాముల కందిపప్పుతో చేసిన దోసకాయ పప్పుతో 11, 200 గ్రాముల పెరుగుతో 6. తరువాత 300 మిల్లీలీటర్ల పాలతో 10. చీకటి పడకముందే 90 గ్రాముల గోధుమపిండి పుల్కాలతో 10, 100 గ్రాముల పనీరుతో 18. మొత్తం 87. పనీరు మానితే 69కి పడిపోతుంది కనుక, పాలపదార్థాలు కూడా మానేవారికి ఈ లెక్క వర్తించదు.

వస్త్రలత వదిన: లెక్క బాగుంది కానీ, ద్విదళ నియమం మరిచారమ్మా. పప్పు తింటూ కాచని పెరుగు కలుపుకోకూడదు. పెరుగును ముందుగా వేడి చేయాలి, లేదా పాలకు మార్చుకోవాలి. మొలకెత్తిన పెసలు కూడా మాలో చాలామంది తినరు కనుక, పెసలు నానితే చాలు, మొలకలు రానివ్వకూడదు. వేరుసెనగ నేలలో కాసినా వేరు కాదని మేము తింటాము. మా ఆడపడుచు ఇంట్లో మాత్రం తినరు.

పటమట వ్యాయామి: ఇన్ని తూకాలు, ఇన్ని నియమాల నడుమ రోజూ 87 సాధించడం కంటే ఒక చెంచా పౌడరు తేలిక కదా?

కొలత గరిటె: తేలికే. పౌడరు తప్పదన్న మాటతోనే నాకు పేచీ. అసలు 90 ఎందుకు? జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాములు, ఆ ప్రకారం వీరికి 51 చాలు. బరువులెత్తి కండ పెంచేవారికి అంతకంటే ఎక్కువ అవసరమే కానీ, 75 సరిపోతుందా, 90 కావాలా అన్నది వ్యాయామాన్ని బట్టి ఉంటుంది.

మంగళగిరి తల్లి: మా అబ్బాయికి మూత్రపిండాల సమస్య ఉండగా, ఇలాంటి లెక్క చూసి పప్పు పెంచితే వైద్యులు మందలించారు.

కొలత గరిటె: అలాంటివారు ఈ పట్టికను పాటించకూడదు. ఆరోగ్యవంతులు కూడా పప్పును ఒక్కసారిగా రెట్టింపు చేస్తే పొట్ట ఉబ్బుతుంది కనుక, వారానికి పది గ్రాముల చొప్పున పెంచండి.

వన్‌టౌన్ వాసి: మూడు వారాలు పాటించాను. పౌడరు లేకుండానే 80 దాటుతోంది, పొట్ట కూడా కుదుటపడింది. ఒక చిక్కు మిగిలింది: డిసెంబరులో ఆరు లోపే పొద్దుగూకుతుంది, నా కొలువు ఆరింటికి ముగుస్తుంది. అందుకే పుల్కాలు, పనీరు డబ్బాలో పెట్టుకుని అయిదింటికే తింటున్నాను. వేరుసెనగ విషయంలో మాత్రం నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు.