అప్‌డేట్: కాకరకాయ వేపుడు ఈసారి కుదిరింది

నేను అడిగింది: "ఉప్పు రాసి పిండినా కాకరకాయ వేపుడు చేదుగానే ఉంటోంది, పైగా ఉప్పన అవుతోంది. ఎక్కడ తప్పుతున్నాను?"

నిన్న అరకిలో కాయలు తెచ్చి మళ్లీ చేశాను. తప్పు ముక్కల మందంలో ఉంది. నేను వేలెడు మందాన కోసి, పది నిమిషాలకే పిండేసేదాన్ని. ఈసారి రూపాయి బిళ్ళంత మందాన చక్రాల్లా కోసి, ముదురు గింజలు తీసేసి, చెంచా ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి అరగంట వదిలేశాను. గిన్నె అడుగున పచ్చటి నీరు ఊరింది. నాలుక మీద చుక్క వేసుకుంటే, అబ్బా, చేదంతా అందులోనే ఉంది! గుప్పెడు గుప్పెడుగా గట్టిగా పిండి, ఒక్కసారి నీళ్ళలో జాడించి, మళ్లీ పిండాను. ఇంతకుముందు జాడించకుండా కూరలో మళ్లీ ఉప్పు వేసేదాన్ని. ఉప్పన అవ్వక ఏమవుతుంది?

సగం ముక్కల్ని ఉప్పు లేకుండా పుల్లటి మజ్జిగలో గంట నానబెట్టి చూశాను. పులుపు వల్ల చేదు కాస్త కప్పబడినట్టు అనిపించింది కానీ, ఎంత పిండినా తడి పోక నూనెలో చిటపటలాడి మెత్తబడ్డాయి. పులుసుకైతే అవే బాగుంటాయి.

ఉప్పు ముక్కల్ని గుడ్డ మీద ఆరబెట్టి మధ్యస్థ మంట మీద వేయించాను. అంచులు గోధుమరంగుకు రాగానే దించాలి. మొదటి వాయి నల్లబడితే మాడు చేదు వచ్చింది, అది ఉప్పుతో పోయేది కాదు. చివర్లో వెల్లుల్లి కారం చల్లాను. చేదు పూర్తిగా పోలేదు, కానీ మా అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు.