మోకీలు ఆపరేషన్ అయ్యాక ఊపిరి పీలిస్తే డొక్కలో పోటు: కండరం పట్టేసిందా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డా?

ఉద్దానం కోడలు (నరసన్నపేట)
మా అత్తగారికి 58 ఏళ్లు. 12 రోజుల క్రితం విశాఖలో కుడి మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. నిన్న సాయంత్రం నుంచి గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో సూదితో పొడిచినట్టు పోటు. దగ్గినా అంతే. వాకర్ మీద బరువంతా వేసి నడుస్తున్నారు కదా, కండరం పట్టేసిందనుకున్నాం. ఆర్‌ఎంపీ గారు డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేశారు. గంటలో సగానికి సగం తగ్గింది, తెల్లారేసరికి మళ్లీ మొదలు. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఆక్సిజన్ 96, జ్వరం లేదు. ఆవిడ పుట్టిల్లు కవిటి వైపు, క్రియాటినిన్ 1.6 ఉంటుంది. రేపటిదాకా చూడొచ్చా?

రాజాం వాసి
ఈసీజీ బాగుందంటే గుండెకి ఏటీ కాలేదు, భయం లేదమ్మా. మా నాన్నకీ ఇలాగే డొక్కలో పట్టేసేది, గ్యాస్ అని తేలింది. వాము నీళ్లు తాగించి చూడండి.

ఫిజియో, విజయనగరం
ఆపరేషన్ తర్వాత వాకర్ వాడేవాళ్లకి పక్కటెముకల మధ్య కండరాలు పట్టేయడం నేను చూస్తూనే ఉంటాను. నొప్పి ఉన్నచోట ఒక వేలితో నొక్కండి. నొక్కినప్పుడు అదే నొప్పి వస్తే కండరమే. చెయ్యి ఎత్తినా, నడుం తిప్పినా ఎక్కువైతే ఇంకా నమ్మకం. వేడి కాపడం పెట్టండి.

ఉద్దానం కోడలు
నొక్కి చూశానండీ. కొంచెం నొప్పి ఉందన్నారు, కానీ ఊపిరి పీల్చినప్పటి పోటు అది కాదట.

ఛాతీ డాక్టరు, విజయనగరం
అమ్మా, రేపటిదాకా ఆగొద్దు. ఈరోజే, ఇప్పుడే బయల్దేరండి. బండి ఎక్కేలోపు మూడు విషయాలు రాయండి: నిమిషం పాటు నాడి ఎంత కొట్టుకుంటోంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆపరేషన్ తర్వాత రక్తం పలచన చేసే మాత్ర ఇచ్చారా, అది రోజూ వేసుకున్నారా.

ఫిజియో గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. కండరం నొప్పి నొక్కితే తెలుస్తుంది. కానీ నొక్కితే నొప్పి ఉన్నంత మాత్రాన గడ్డ లేదని అనలేం. కాలి సిరల్లోంచి కొట్టుకొచ్చిన చిన్న గడ్డ ఊపిరితిత్తి అంచున ఇరుక్కుంటే ఆ ఊపిరితిత్తి మీది పొర వాచిపోయి, ఊపిరి పీల్చినప్పుడల్లా సరిగ్గా ఇలాంటి పోటే వస్తుంది. ఆ పోటు డైక్లోఫెనాక్‌కి తగ్గుతుంది కూడా. అందుకే ఇంజక్షన్‌కి తగ్గింది కాబట్టి కండరమే అనుకోకూడదు. పైగా క్రియాటినిన్ 1.6 ఉన్నవాళ్లకి ఆ ఇంజక్షన్ ఇంకోసారి చేయించొద్దు, కిడ్నీ మీద పడుతుంది.

ఈసీజీ గుండెపోటు కోసం చూసేది. గడ్డ ఉన్న చాలామందికి అది మామూలుగానే ఉంటుంది, లేదా గుండె వేగం పెరిగినట్టు మాత్రమే చూపిస్తుంది. 96 ఆక్సిజన్ చూసి కూడా నిశ్చింతగా ఉండొద్దు. చిన్న గడ్డకి అది తగ్గకపోవచ్చు.

ఉద్దానం కోడలు
నాడి 112 ఉంది. ఊపిరి నిమిషానికి 24. మాత్ర ఇచ్చారండీ, రోజుకొకటి రివరోక్సాబాన్ 10. కడుపులో మంటగా ఉందని ఐదో రోజే మానేశారట, నాకు ఇప్పుడే చెప్పారు. ఆపరేషన్ కాలు పిక్క దగ్గర వాచి ఉంది, కానీ ఆపరేషన్ అయింది కదా అనుకున్నాం.

ఛాతీ డాక్టరు, విజయనగరం
అదే అనుమానించాను. గడ్డ అనుమానం ఎంతుందో మేం పాయింట్లు వేసి లెక్కకట్టే పద్ధతి ఇది. నాలుగు వారాల లోపు ఆపరేషన్‌కి ఒకటిన్నర, నాడి 100 దాటినందుకు ఒకటిన్నర, ఇంకో జబ్బు కంటే గడ్డే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ అని డాక్టరుకి అనిపిస్తే మూడు. మొత్తం ఆరు. నాలుగు దాటితే నేరుగా స్కాన్. కాలి వాపుకి ఇంకో మూడు ఉంది గానీ, మోకీలు ఆపరేషన్ అయిన కాలు ఎలాగూ వాస్తుంది, దాన్ని నేను కలపలేదు. ఆ పిక్కని మాత్రం ఎవరూ పిసకొద్దు, నూనె రాసి మర్దన చేయొద్దు.

ఒక మాట గుర్తుంచుకోండి. ల్యాబ్‌లో ఎవరైనా గడ్డ జాడ చూసే రక్తపరీక్ష, డి-డైమర్ చేయిద్దాం అంటే ఆమెకి దాంతో పని లేదు. 12 రోజుల కిందటి ఆపరేషన్ ఒక్కటే చాలు, అది పెరిగి వస్తుంది. స్కానింగ్ సెంటర్‌లో హెచ్‌ఆర్‌సీటీ అని రాయించుకోవద్దు, కోవిడ్ రోజుల్నుంచి అందరికీ అదే నోట్లో ఆడుతోంది. రంగు మందు ఎక్కించి తీసే సీటీ పల్మనరీ యాంజియోలోనే గడ్డ కనిపిస్తుంది. క్రియాటినిన్ సంగతి ముందే చెప్పండి. అది చూసి ముందు రెండు కాళ్లకీ డాప్లర్ తీయించమని అడగొచ్చు, దానికి రంగు మందు అక్కర్లేదు. మోకాలి వెనక గానీ తొడలో గానీ లోతు సిరల్లో గడ్డ కనబడితే వైద్యం మొదలుపెట్టడానికి అది చాలు. కనబడకపోతే మాత్రం ఊపిరితిత్తుల్లో లేదని కాదు, అప్పుడు సీటీ తప్పదు.

పలాస నుంచి డల్లాస్
డాక్టర్ గారూ, నాది కూడా చెప్తాను. 34 ఏళ్లు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు విమానంలో అంతసేపు కూర్చున్నాను, దిగాక సూట్‌కేసులు మోశాను. రెండు రోజులకి ఎడమ రొమ్ము పక్కన ఊపిరి పీలిస్తే నొప్పి. ఆసుపత్రిలో డి-డైమర్ చేసి మామూలుగా ఉందని పంపేశారు, నాడి 78. సీటీ తీయలేదు. నాకు చేసింది తప్పా?

ఛాతీ డాక్టరు, విజయనగరం
తప్పు కాదు. ఆపరేషన్ లేదు, నాడి మామూలు, కాలు వాయలేదు అంటే అనుమానం తక్కువ. తక్కువ అనుమానం ఉన్నవాళ్లలో డి-డైమర్ మామూలుగా వస్తే గడ్డ లేదనే నమ్ముతాం. నాలుగు గంటలు దాటిన ప్రయాణం ప్రమాదాన్ని పెంచుతుంది, కానీ ఆపరేషన్ పెంచినంత కాదు. మీకు పనికొచ్చిన పరీక్షే ఆవిడకి పనికిరాదు. అయితే ఆయాసం వచ్చినా, కఫంలో నెత్తురు పడినా, ఒక పిక్క వాచినా మళ్లీ వెళ్లండి.

రాజాం వాసి
నేను గ్యాస్ అనుకుని చెప్పానమ్మా. బేగి ఎల్లండి. 108కి ఫోన్ చేసారా?

ఉద్దానం కోడలు
చేశాం, శ్రీకాకుళం వచ్చేశాం. డాప్లర్‌లో ఆపరేషన్ కాలికే, మోకాలి వెనక సిరలో గడ్డ ఉందన్నారు. ఎకోలో గుండె కుడిపక్క బాగుందట. హెపారిన్ ఇంజక్షన్ పొట్ట మీద మొదలుపెట్టారు, క్రియాటినిన్ చూసి డోసు రాశారు. సీటీ ప్రస్తుతానికి ఆపారు.

ఫిజియో, విజయనగరం
మంచిది. కానీ సీటీ లేకుండా ఊపిరితిత్తుల్లో ఉందని ఎలా చెప్తారు?

ఛాతీ డాక్టరు, విజయనగరం
ఖాయంగా చెప్పలేం. కాలిలో గడ్డ, ఛాతీలో ఆ పోటు రెండూ ఉన్నప్పుడు ఇచ్చే మందు ఒకటే, కనీసం మూడు నెలలు. బీపీ పడిపోయినా, ఆయాసం పెరిగినా కిడ్నీ సంగతి తర్వాత చూసుకుని సీటీ తీస్తారు. ఇప్పుడు నన్ను ఆలోచింపజేసేది కొత్త మోకీలు. రక్తం పలచన మందు పూర్తి డోసులో పడితే కీలు లోపల రక్తం చేరొచ్చు. మోకాలు ఒక్కసారిగా బిగిసి, ఉబ్బి, నొప్పి పెరిగితే వెంటనే చెప్పండి. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి కూడా ఈరోజే ఫోన్ చేయించండి.

ఉద్దానం కోడలు
చేశామండీ, రేపు పొద్దున్న డ్యూటీ డాక్టరుతో మాట్లాడతామన్నారు. వాకర్‌తో మళ్లీ ఎప్పుడు నడిపించాలని అడిగితే ఇక్కడ ఒకరు రేపే అన్నారు, ఇంకొకరు రెండు రోజులు ఆగమన్నారు.

ఫిజియో, విజయనగరం
మందు మొదలయ్యాక త్వరగానే నడిపిస్తారు, మంచంలో ఉంచడం వల్ల మేలు లేదు. కానీ మోకీలు వాపు నేను చూడలేదు కాబట్టి రేపు వాళ్లు కాలు చూసి చెప్పేదే వినండి.