కంపెనీ పేరున భూమి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పాలకొల్లు రైతు: మా రొయ్యలు కొన్న ప్రాసెసింగ్ కంపెనీ డబ్బు ఇవ్వడం లేదండి. లాయర్ నోటీసుకు ముందు దాని ఆస్తులు చూద్దామని, ఫీజు కట్టి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్‌లో బ్యాలెన్స్ షీట్ తీశాను. స్థిరాస్తుల నోట్‌లో భూమి 38 లక్షలు, భవనాలు 4 కోట్లు అని ఉంది. ప్లాంట్ ఆరెకరాల్లో ఉంది. ఇంత తక్కువేంటి?

భీమవరం వాసి: మీభూమిలో ఆ ఊరు ఎంచుకుని 1-బి చూడండి. కంపెనీ పేరు లేకపోతే భూమి లేనట్టే.

ఆడిట్ పనిలో ఉన్నాను: లేనట్టే అనుకోకూడదండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ జరగకపోతే 1-బిలో పాత యజమాని పేరే ఉండిపోతుంది.

రైతు గారూ, ఆ 38 లక్షలు సాధారణంగా కొన్నప్పటి ధర, ఇవాళ్టి విలువ కాదు. అదే నోట్స్‌లో ఇంకో పట్టిక వెతకండి: టైటిల్ డీడ్ కంపెనీ పేరున లేని ఆస్తుల వివరం. 2021-22 లెక్కల నుంచి అది తప్పనిసరి. ఎవరి పేరున ఉంది, ఆయన డైరెక్టరా, ఎప్పటి నుంచి, ఎందుకు మార్చలేదు అన్నీ అందులో రాయాలి.

పాలకొల్లు రైతు: దొరికిందండి! 38లో 26 లక్షల భూమి డైరెక్టర్ పేరున, 2009 నుంచి. కారణం 'రిజిస్ట్రేషన్ పెండింగ్'. అంటే కంపెనీది 12 లక్షల ముక్కేనా?

ఆడిట్ పనిలో ఉన్నాను: కాగితం మీద అంతే. అది ఏ ముక్కో నోట్ చెప్పదు, సర్వే నంబర్లు అందులో ఉండవు. బ్యాంకు అప్పు ఉంటే, కంపెనీ తన ఆస్తి మీద తనఖాను నమోదు చేసే సీహెచ్‌జీ-1 ఫారం, దానికి జోడించిన తనఖా పత్రం ఎంసీఏ సైట్‌లోనే తెరవండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు సాధారణంగా ఆ పత్రంలో ఉంటాయి. ఆస్తి కంపెనీ పేరున లేకపోతే ఎవరి పేరునో ఫారంలోనే అడుగుతారు. ఆ నంబర్లతో ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయండి.

ద్రాక్షారామం: మా తాతగారి పొలం అన్నయ్య పేరున ఎక్కింది. నేనూ ఈ ఫారమే పెట్టాలా?

భీమవరం వాసి: అది కంపెనీలకండి. మీరు తహశీల్దారు ఆఫీసులో అడగండి.

కోనసీమ డాక్యుమెంట్ రైటర్: రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబరు, అంటే ఎల్‌పీఎం నంబరు వచ్చింది. తనఖా పత్రంలో పాత నంబరు ఉంటుంది కాబట్టి రెండింటితోనూ వెతకాలి. ఒక్కదానితో చూసి ఏమీ లేదనుకుంటే ఆ మధ్య జరిగిన అమ్మకం కనబడకుండా పోతుంది.

పాలకొల్లు రైతు: ఈసీ తీశానండి. రెండెకరాలు కంపెనీ పేరున, బ్యాంకు తనఖాలో. నాలుగెకరాలు డైరెక్టర్ పేరున. ప్లాంట్ షెడ్ ఆ నాలుగెకరాల్లోనే ఉంది. లీజు ఏదీ నమోదు కాలేదు.

ఆడిట్ పనిలో ఉన్నాను: ఏడాది మించిన లీజు రిజిస్టర్ కావాలి కదా. లీజూ లేదు, డీడూ లేదు. అయినా ఆ భూమిని, షెడ్‌ను కంపెనీ తన లెక్కల్లోనే చూపిస్తోంది. ఆ పట్టిక కాపీ మీ లాయర్‌కు ఇవ్వండి. భూమి డబ్బు కంపెనీ కట్టిందా లేదా అన్నది మాత్రం ఈ కాగితాల్లో తేలదు, కోర్టులో సాక్ష్యంతో తేలాలి.

భీమవరం వాసి: షెడ్‌ను విడిగా జప్తు చేయించవచ్చా?

కోనసీమ డాక్యుమెంట్ రైటర్: దాని మీద మా దగ్గర రెండు మాటలూ విన్నాను. లాయర్ని అడగాల్సిందే.